చివరి పల్లవి పైకి లేవాలంటే ఫేడరా, వాయిద్యాలా, గొంతా? ఏది మేలు?

ఒక మెలోడీ పాట చేస్తున్నారు అనుకోండి. గుసగుసలా మొదలవ్వాలి, చివరి పల్లవికి వచ్చేసరికి గుండె నిండిపోవాలి, ఆ తర్వాత మెల్లగా సర్దుకోవాలి. ఇంట్లో లాప్‌టాప్ మీద పాటలు చేసేవాళ్లు ఈ షేప్ కోసం చేసేవి చూస్తే మూడు దారులే కనిపిస్తాయి. ఒకటి, మిక్స్‌లో ఫేడర్‌ని, అంటే వాల్యూమ్ పెంచి తగ్గించే మీటని, చివర్లో పైకి లేపడం. రెండు, వాయిద్యాలు దాచిపెట్టి చివరికి దింపడం. మూడు, పాడే గొంతునే పైస్థాయికి తీసుకెళ్లడం, లేదా అక్కడి నుంచి పాట మొత్తం శ్రుతి మార్చేయడం. మూడూ చెయ్యొచ్చు కదా అంటారేమో, చెయ్యొచ్చు, కానీ ఏది ముందు ఏది తర్వాత అన్న దగ్గరే పాట నిలబడుతుందో పడుతుందో తేలిపోతుంది.

గాల్లో మాట్లాడుకోకుండా ఒక పాట తీసుకుందాం. టెంపో 76, నాలుగు బీట్ల బార్లు, అంటే నిమిషానికి 19 బార్లు, నాలుగు నిమిషాలకి 76 బార్లు. ఇంట్రో 4, పల్లవి 8, బీజీఎం 8, మొదటి చరణం 12, పల్లవి 8, రెండో బీజీఎం 8, రెండో చరణం 12, అక్కడికి 60 అయ్యాయి. 61వ బార్ నుంచి 68 వరకు చివరి పల్లవి, మిగతా 8 సర్దుకోవడానికి. టైమ్‌లో చూస్తే చివరి పల్లవి 3 నిమిషాల 9 సెకన్ల దగ్గర మొదలై 3:35కి అయిపోతుంది. అంటే పాటలో పెద్దగా వినబడే ముక్క అరనిమిషం కూడా లేదు, మిగతా టైమ్ అంతా దానికోసం దాచుకోవడమే.

ముందు ఫేడర్ సంగతి. ఆటోమేషన్ గీత గీసి మొదటి పల్లవి నుంచి చివరి దాకా మెల్లగా ఒక 6 డీబీ లేపితే సరిపోతుంది అనిపిస్తుంది, స్క్రీన్ మీద గీత కూడా అందంగా కనిపిస్తుంది, కానీ వింటే పాట పెద్దదవ్వదు, ఎవరో పక్కనుంచి సౌండ్ పెంచినట్టు మాత్రమే ఉంటుంది. ఎందుకంటే మనిషి గట్టిగా పాడినప్పుడు పెరిగేది వాల్యూమ్ ఒక్కటే కాదు, గొంతులో పై హార్మోనిక్స్ బయటికొస్తాయి, శబ్దానికి ఒక మెరుపు వస్తుంది. డ్రమ్ గట్టిగా కొట్టినా అంతే, వయొలిన్ బో నొక్కి లాగినా అంతే. మెత్తగా పాడిన టేక్‌ని ఎంత లేపినా అది పెద్దగా వినబడే మెత్తని టేకే.

స్ట్రింగ్స్ సాంపిల్ లైబ్రరీలు వాడేవాళ్లకి ఇదే విషయం ఇంకో రూపంలో ఎదురవుతుంది. వీటిని నడిపేది CC అనే మిడీ కంట్రోల్స్, చాలా లైబ్రరీల్లో CC11 కదిపితే వాల్యూమ్ మాత్రమే మారుతుంది, CC1 అంటే మాడ్ వీల్ కదిపితే మెత్తగా వాయించిన రికార్డింగ్ నుంచి గట్టిగా వాయించిన రికార్డింగ్‌కి మారుతుంది. చివరి పల్లవిలో స్ట్రింగ్స్ ఉప్పొంగాలంటే CC1 పైకి వెళ్లాలి, CC11 కాదు. ఇది తెలియక CC11 ఒక్కటే గీసుకుని, స్ట్రింగ్స్ కీబోర్డ్ ప్యాడ్‌లా చప్పగా ఎందుకున్నాయని తల పట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇక వాయిద్యాలు. ఇక్కడే అసలు బలం ఉంది అని నా గట్టి నమ్మకం, కానీ దీన్ని చివరి నుంచి వెనక్కి రాయాలి. ముందు 61వ బార్ దగ్గర ఏమేం ఉంటాయో పూర్తిగా పేర్చుకోండి. ఉదాహరణకి పూర్తి డ్రమ్స్, బేస్, అకూస్టిక్ గిటార్ రెండు వైపులా, స్ట్రింగ్స్ పైస్థాయిలో, కోరస్ గొంతులు, వెనకాల ఫ్లూట్ లైన్. ఇప్పుడు వెనక్కి వస్తూ ఒక్కోటి తీసేయండి. మొదటి పల్లవిలో ఒక గిటార్, ఒక గొంతు, అంతే. మొదటి చరణంలో బేస్ వస్తుంది గానీ డ్రమ్స్ లేవు, తబలా మాత్రం మెత్తగా. రెండోసారి పల్లవికి డ్రమ్స్ వస్తాయి గానీ క్రాష్ సింబల్ ఒక్కసారి కూడా మోగదు. కోరస్ గొంతులు అయితే 61వ బార్ దాకా అసలు వినిపించకూడదు. చెవి ఇంతవరకు వినని శబ్దం ఏదో ఒకటి చివరి పల్లవికి మిగిలి ఉండాలి, మొదటి బీజీఎంలోనే అన్నీ వాడేస్తే 3:09 దగ్గర ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు, అప్పుడే జనం మళ్లీ ఫేడర్ దగ్గరికి పరిగెత్తేది.

రెండో చరణం గురించి కొంచెం ఆగి చెప్పాలి. మెట్లు ఎక్కినట్టు ప్రతి ముక్కా ముందు దానికంటే పెద్దగా ఉండాలనుకుంటారు, దాంతో రెండో చరణం చివరికే పాట నిండిపోతుంది. దానికి బదులు రెండో చరణాన్ని కిందికి దించండి. డ్రమ్స్ ఆపేయండి, బేస్ పొడుగు నోట్లకి మార్చండి, తర్వాత చివరి నాలుగు బార్లలో మాత్రం స్ట్రింగ్స్ మెల్లగా ఎక్కించి, 60వ బార్‌లో అన్నీ ఒక్కసారి ఆపేయండి, గొంతు ఒక్కటే మిగలాలి. 76 టెంపోలో ఒక బార్ అంటే సుమారు మూడు సెకన్లు, ఆ మూడు సెకన్ల ఖాళీ తర్వాత వచ్చే డౌన్‌బీట్, మీటర్ మీద చూపించేదానికంటే చాలా పెద్దగా వినిపిస్తుంది.

వాయిద్యాల దారికీ ఒక ప్రమాదం ఉంది. ఎక్కువ ట్రాకులు అంటే ఎక్కువ పెద్దగా అని కాదు. సమాన లెవెల్‌లో రెండు వేర్వేరు శబ్దాలు కలిస్తే 3 డీబీ మాత్రమే పెరుగుతుంది, కానీ గిటార్, ప్యాడ్, స్ట్రింగ్స్, మగ కోరస్ అన్నీ 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్యలో గుమిగూడితే ఆ బరువంతా మాస్టర్ లిమిటర్ మీద, అంటే శబ్దం హద్దు దాటకుండా చివర్లో అణిచి ఉంచే ప్లగిన్ మీద పడుతుంది. లిమిటర్ మొదటి పల్లవిలో కదలకుండా ఉండి చివరి పల్లవిలో 5, 6 డీబీ లాగేస్తోందంటే మీరు కట్టిన శిఖరాన్ని అదే చదును చేస్తోందన్నమాట, కిక్ దెబ్బ మెత్తబడుతుంది, సింబల్ మోగినప్పుడల్లా గొంతు వెనక్కి పోతుంది. అలా వినిపిస్తే లిమిటర్ సెట్టింగులతో కుస్తీ పట్టొద్దు, ప్యాడ్‌ని మ్యూట్ చేసి చూడండి, చాలాసార్లు పాట అప్పుడే లేస్తుంది.

మూడో దారి, గొంతు. మన ఆలాపన నడిచేదే ఇలాగ కదా, కింద మొదలుపెట్టి, స్వరం స్వరం నిలుపుకుంటూ తారస్థాయికి వెళ్లి, తిరిగి షడ్జమానికి వచ్చి ఆగుతుంది. పాటలో కూడా ట్యూన్ దగ్గరే ఈ లెక్క వేసుకుంటే తర్వాత పని సగం తగ్గుతుంది. ఒక మగ గొంతు, ఒకటో శ్రుతి అనుకోండి. మొదటి పల్లవి మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం లోపు ఉంచండి, చరణాల్లో తార షడ్జమాన్ని ఒకసారి తాకి వచ్చేయండి, తార గాంధారం మాత్రం చివరి పల్లవి రెండో లైన్‌కే దాచండి. ట్యూన్ అదే, ఆ ఒక్క లైన్ మలుపు మాత్రం వేరు.

దీనికి బదులు చాలామంది చివరి పల్లవి నుంచి పాట మొత్తాన్ని ఒక టోన్ పైకి ఎత్తేస్తారు. అది వెంటనే పనిచేస్తుంది, కాదనను, వినేవాళ్లు ఉలిక్కిపడతారు. కానీ అదే పాటలో ఒకటో శ్రుతి రెండో శ్రుతి అయితే ఆ తార గాంధారం కూడా ఒక టోన్ పైకి పోతుంది, మామూలు మగ గొంతుకి అక్కడ భావం కంటే కష్టం ఎక్కువ వినబడుతుంది. ఇంకో చిక్కు ఏంటంటే, శ్రుతి మార్చాక కిందికి దిగడం కష్టం, చివరి 8 బార్లలో పాత శ్రుతికి వస్తే ఏదో పడిపోయినట్టు ఉంటుంది, రాకపోతే మొదటి గిటార్ రంగు తిరిగి రాదు. పైకెళ్లి పైనే ముగిసే పాటకి శ్రుతి మార్పు బాగుంటుంది, సర్దుకోవాల్సిన పాటకి మాత్రం నేను ఒక్క లైన్ మార్పునే ఎంచుకుంటాను.

రికార్డింగ్‌లో ఇంకో మాట. మొదటి పల్లవికి మైక్‌కి జానెడు దగ్గరగా, ఊపిరి వినబడేలా పాడించండి, చివరి పల్లవికి ఒక అడుగు వెనక్కి నిలబెట్టండి, రెండూ వేరే ట్రాకుల్లో పెట్టండి. గట్టి శబ్దాల్ని తగ్గించే కంప్రెసర్‌ని రెండిటికీ ఒకే సెట్టింగ్‌తో వేస్తే గట్టిగా పాడిన టేక్ మాత్రమే దానికి చిక్కి నలిగిపోతుంది, సింగర్ కష్టపడి తెచ్చిన తేడా అంతా అక్కడే పోతుంది.

మరి మూడిట్లో ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? మొదటి పల్లవిలోంచి ఒక లైన్, చివరి పల్లవిలోంచి అదే లైన్ కట్ చేసి, లౌడ్‌నెస్ మీటర్ చూసుకుంటూ రెండూ ఒకే లెవెల్‌కి తెచ్చి, పక్కపక్కన వినండి. ఒకే వాల్యూమ్‌లో కూడా రెండోది పెద్దగా, విప్పారినట్టు వినిపిస్తే గొంతూ వాయిద్యాలూ పని చేశాయి. రెండూ దాదాపు ఒకేలా ఉంటే మీ పాటలో ఉన్నది ఫేడర్ తేడా ఒక్కటే. ఫేడర్‌ని పట్టుకోవడానికి ఇంతకంటే సూటి పరీక్ష నాకు తెలియదు.

ఈ పరీక్ష పాసయ్యాక ఫేడర్ పట్టుకోండి, అప్పుడు అది నిజంగా ఉపయోగపడుతుంది. 61వ బార్ దగ్గర మొత్తం మిక్స్‌ని ఒక డీబీ, మహా అయితే ఒకటిన్నర లేపండి, దానికి ముందు రెండో చరణాన్ని ఒక డీబీ దించండి. లౌడ్‌నెస్ మీటర్‌లో షార్ట్ టర్మ్ అంకె LUFSలో చూస్తే ఈ పాటలో మొదటి పల్లవి -20 దగ్గర, మధ్య పల్లవి -15 దగ్గర, చివరిది -11 దగ్గర ఉంటే నాకు నచ్చుతుంది. తేడా ఇంకా పెంచితే బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో వినేవాళ్లకి మొదటి పల్లవి వినబడక వాల్యూమ్ పెంచుకుంటారు, చివరి పల్లవికి చెవులు అదిరిపోతాయి. తేడా మూడు నాలుగుకి తగ్గితే షేప్ ఉన్నట్టే తెలియదు. పాట మొత్తాన్ని -8కి పిండేస్తే లాభం ఉంటుందేమో అనుకోవద్దు, స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని -14 దగ్గరికి తెస్తుంది, యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, అంటే మీరు పిండిన గట్టితనం వాళ్లు తీసేస్తారు, చదునైన శిఖరం మాత్రం మీకు మిగులుతుంది.

చివరి 8 బార్లలో కూడా ఇదే పోటీ ఉంది, ఫేడ్ అవుట్ చెయ్యాలా, వాయిద్యాలు ఒక్కోటి తీసేయాలా అని. ఈ షేప్ పాటకి ఫేడ్ అవుట్ నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే గట్టిగా పాడుతున్న మనుషులు గట్టిగానే పాడుతూ దూరమైపోతారు, ఎవరూ సర్దుకోరు. 69వ బార్‌లో డ్రమ్స్, బేస్, కోరస్ ఆపేసి వాటి రివర్బ్ తోకని ఆ బార్ అంతా మోగనివ్వండి, గొంతు 70లో మొదలవ్వాలి, ఆ తోక మీద పాడితే మాట తెలియదు. 72కి స్ట్రింగ్స్ CC1 పూర్తిగా కిందికి, 73 నుంచి గిటార్, గొంతు మాత్రమే. లెవెల్ మాత్రం మొదటి పల్లవి కంటే ఒక రెండు డీబీ పైన ఉంచండి, ఇంత పెద్ద శబ్దం విన్న చెవికి పాత -20 పెడితే పాట తెగిపోయినట్టు అనిపిస్తుంది, -18 దగ్గర పెడితే మొదట్లో విన్నంత మెత్తగానే వినిపిస్తుంది.