ఫార్వర్డును ఇంటి మాటగా తిరగరాసి పంపడం: ఏళ్ల వాడకం తర్వాత

"మీకు, మీ కుటుంబ సభ్యులకు ఉగాది శుభాకాంక్షలు" అని సొంత పిన్నికి పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ కుటుంబ సభ్యుల్లో పంపినవాడూ ఒకడు కదా! నేను చెన్నైలో ఉంటాను. చుట్టాలంతా నెల్లూరు, సూళ్లూరుపేట వైపు. మా బంధుత్వం చాలావరకు ఫోను మీదే నడుస్తుంది కాబట్టి, వచ్చిన ఫార్వర్డును అలాగే ముందుకు తోసెయ్యకుండా, అందులో పనికొచ్చే మాట ఉంటే నా మాటల్లో తిరగరాసి పంపడం చాలా ఏళ్ల నుంచి అలవాటు చేసుకున్నాను. ఇందులో నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే: జవాబు వస్తుంది. చేతులు జోడించిన బొమ్మ కాదు, నిజమైన జవాబు.

పండుగ సందేశాల సంగతి తేలిక. ఆరు రుచుల తాత్పర్యం పిన్నికి నేను చెప్పనక్కరలేదు, ఆ పచ్చడి నాకు తినిపించిందే ఆవిడ. అందుకని ఆ భాగమంతా కొట్టేసి, "పిన్నీ, వేపపువ్వు దొరికింది. ఇక్కడ పక్కింటి తమిళులు తమ సంవత్సరాదికని కొంచెం అడిగి తీసుకున్నారు. ఈసారి కూడా పచ్చడిలో అరటిపండు వేశావా, బాబాయి వద్దన్నారా?" అని రాస్తాను. ఇంటివాళ్లకే తెలిసిన ఒక సంగతి, చివర ఒక ప్రశ్న. అంతకు మించి ఏమీ అక్కరలేదు.

అసలు పరీక్ష ఆరోగ్య సందేశాలతోనే. పక్షవాతం గురించిన ఫార్వర్డు ఒకటి మీకూ వచ్చే ఉంటుంది. నవ్వమనండి, మాట్లాడమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, నాలుక బయటపెట్టమనండి. మూడు గంటల్లోపు తీసుకొస్తే పూర్తిగా నయం చేస్తానని ఒక డాక్టరు చెప్పారు. పది మందికి పంపితే ఒక ప్రాణమైనా నిలుస్తుంది. దీని తోబుట్టువు ఇంకొకటుంది, సూదితో వేళ్ల కొసలు గుచ్చి రక్తం తీయమంటుంది. మా పెదనాన్నకు రక్తపోటు ఉంది కాబట్టి పెద్దమ్మకు ఈ విషయం చేరాలి. కానీ ఈ రూపంలో చేరకూడదు.

తిరగరాసేటప్పుడు నేను ముందు చూసేది భాష కాదు, ఏ వాక్యం నిలుస్తుందో. ముఖం, చెయ్యి, మాట అనే మూడు గుర్తులు నిజం, వైద్యులు ప్రజలకు చెప్పేవి అవే. నాలుక పరీక్ష ఫార్వర్డులో వచ్చి చేరిన అదనం. పూర్తిగా నయమవుతుందన్న మాట ఎవరూ ఇవ్వలేరు. రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ చూశాకే. ఆ గంటలను ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు, మనిషి మామూలుగా ఉన్నట్టు చివరిసారి చూసినప్పటి నుంచి లెక్కపెడతారు. అన్నిటికన్నా అవసరమైన ఈ ముక్క ఫార్వర్డులో లేదు. సూది గుచ్చడం శుద్ధ అబద్ధం, పైగా ఉన్న కాస్త సమయాన్నీ తినేస్తుంది. ఇదంతా వడగట్టి నేను పంపింది ఇది:

"పెద్దమ్మా, పెదనాన్నకు ఉన్నట్టుండి నోరు ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి ఎత్తలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, కాసేపు పడుకుంటే తగ్గుతుందని చూడొద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యి. ఎన్నింటి దాకా బాగున్నారో హాల్లో క్యాలెండరు మీద రాసిపెట్టు, డాక్టరు మొదట అదే అడుగుతాడు. మంచినీళ్లు గానీ మాత్ర గానీ నోట్లో వెయ్యొద్దు. తర్వాతే నాకు చెయ్యి. మీకు దగ్గరలో తల స్కాన్ తీసే ఆసుపత్రి ఏదో కనుక్కుని చెబుతావా?"

సాయంత్రానికి పెద్దమ్మ ఫోను చేసింది. "గుండెనొప్పికి రక్తం పలుచబడే మాత్ర నమలమంటారు కదరా, దీనికెందుకు వద్దు?" అంది. అంత మంచి ప్రశ్న నేను ఊహించలేదు. పక్షవాతం మెదడులో రక్తనాళం మూసుకుపోయి రావచ్చు, చిట్లి కూడా రావచ్చు; బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి; చిట్లినప్పుడు ఆ మాత్ర వేస్తే రక్తస్రావం ఇంకా పెరగవచ్చు; స్కాన్ చూస్తే తప్ప ఏదో తేలదు. పైగా మింగడం కుదరక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంటుందని చెప్పాను. ఆవిడ వీధి చివర ఉన్న నర్సింగ్ హోమ్‌కు మనిషిని పంపి, అక్కడ స్కాన్ లేదని ఆ వారంలోనే తేల్చుకుంది. ఏదైనా అయితే అక్కడికే తీసుకెళ్దామని ఆ ఇంట్లో ఏళ్లుగా అనుకుంటున్నారు. ఫార్వర్డును ఎవరూ ప్రశ్న అడగరు. అడగడానికి అటువైపు మనిషే ఉండడు.

ఇంతవరకు బాగానే ఉంది. కొన్నాళ్లకు మా మేనమామ నుంచి నాకొక సందేశం వచ్చింది. పైన రెండు ఎర్ర గంటల బొమ్మలు, కింద "చెన్నై పెద్ద డాక్టరు గారి హెచ్చరిక". మధ్యలో ఉన్నవి నా వాక్యాలే! పెద్దమ్మ తన భజన బృందానికి పంపిందట, వాళ్లలో ఎవరో "పెద్దమ్మా" తీసేసి "మిత్రులారా" అని పెట్టారు. క్యాలెండరు పోయింది. సూది వచ్చి చేరింది. నా మాటల మధ్య చేరినందుకే ఆ సూదికి ఇప్పుడు ఇంటి గొంతు దొరికింది. నాకు నవ్వు రాలేదు.

దీని వెనుక ఉన్న చిక్కు ఇది. వాట్సాప్ 2018లో ఫార్వర్డు చేసిన సందేశాల మీద గుర్తు పెట్టింది. అదే ఏడాది మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా చేసింది. 2020 నుంచి, చాలా చేతులు మారి జంట బాణాలు పడ్డ సందేశం ఒకసారికి ఒక్క చాట్‌కే వెళుతుంది. తిరగరాసి టైపు చేసినా, కాపీ చేసి అతికించినా ఈ గుర్తులేవీ ఉండవు. అంటే నేను మెచ్చుకుంటున్న ఇంటి గొంతు, చదివేవాడు కాస్త అనుమానించడానికి మిగిలిన ఒకే ఒక ఆనవాలును కూడా చెరిపేస్తుంది. మంచి మాటకు అది లాభమే, చెడ్డ మాటకు ఇంకా పెద్ద లాభం. అందుకే ఇప్పుడు ఆరోగ్య ఫార్వర్డుల్లో నేను తిరగరాసేవి బహు తక్కువ. మా వీధి డాక్టరును అడిగి నిలబడదన్నది అక్కడే ఆపేస్తాను. పంపేదాన్ని కూడా వీలైనంతవరకు గొంతుతో రికార్డు చేసి పంపుతున్నాను. దాన్నీ ముందుకు పంపవచ్చు, కానీ మధ్యలో సూది దూర్చడం అంత తేలిక కాదు.

ఇంకో సంగతి. తెల్లవారుజామున మామయ్య పంపే మందారపువ్వు బొమ్మను ఇంటి మాటగా మార్చాల్సిన పని లేదు. ఆయన లేచారని, బాగున్నారని దాని అర్థం. ఒకరోజు రాకపోతే మా అత్తకు ఫోను వెళుతుంది. అలాగే ఏళ్లుగా పలకరింపు లేని వాళ్లకు ఉన్నట్టుండి ఆప్యాయంగా రాస్తే, అప్పు అడగబోతున్నాడేమో అనుకుంటారు. వాళ్లకు దీపాల బొమ్మే మర్యాద.

కాబట్టి దీన్ని అందరికీ సిఫారసు చేయలేను. నాకు కుదిరిందంటే మా చుట్టాలు కొద్దిమందే కావడం, ఎవరింట్లో ఏ మందు వాడతారో నాకు తెలిసి ఉండడం, సందేహం వస్తే వెంటనే ఫోను చేసే పెద్దమ్మ ఉండడం వల్ల. వందమంది ఉన్న బంధువుల బృందంలో ఇది నడవదు. అక్కడ ఎవరిని పేరుపెట్టి పిలిచినా మిగతావాళ్లకు అది మళ్లీ ఫార్వర్డే. ఉగాదికి మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు. పిన్ని ఈసారి అరటిపండు వేసిందట, బాబాయి పచ్చడి ముట్టుకోలేదట.