తెలియని నంబరు నుంచి ఉత్త ‘హాయ్’ వస్తే ఏమని జవాబివ్వాలి? ఏది మేలు?

తెలియని నంబరు నుంచి ‘హాయ్’. అంతే. పేరు లేదు, పని లేదు, పది నిమిషాలు చూసినా రెండో మెసేజ్ రాదు. అప్పుడు మనం మామూలుగా చేసేవి నాలుగు. తిరిగి హాయ్ అంటాం, ‘ఎవరు?’ అని అడుగుతాం, ‘చెప్పండి’ అంటాం, లేదా చూసీ చూడనట్టు ఊరుకుంటాం. నేను నాలుగూ చేశాను, ఒక్కోదానితో ఒక్కో రకం తిప్పలు పడ్డాను, ఇప్పుడు ఐదోది ఒకటి వాడుతున్నాను. దాని సంగతి చివర్లో చెప్తాను, ముందు ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

తిరిగి హాయ్ అనడం అన్నిటికంటే మర్యాదగా కనిపిస్తుంది, కానీ పని ఒక్క అంగుళం కూడా కదలదు. ఒకసారి నాకు జరిగింది ఇది:

— హాయ్
— హాయ్
— బాగున్నారా
— బాగున్నానండి, మీరు?
— బాగున్నాను

ఇక్కడ ఆగిపోయింది. మర్నాడు సాయంత్రం మళ్ళీ ‘హాయ్, బిజీనా?’ అని వచ్చింది, ‘లేదు లేదు’ అన్నాను, మళ్ళీ నిశ్శబ్దం. ఆ రాత్రి పది దాటాక అసలు సంగతి తెలిసింది. అతను నా స్నేహితుడి తమ్ముడు, నేను ఇంతకుముందు పనిచేసిన ఆఫీసులో అతనికి ఇంటర్వ్యూ ఉంది, ఏమేం అడుగుతారో తెలుసుకుందామని మెసేజ్ చేశాడు, ఇంటర్వ్యూ ఏమో మర్నాడు పొద్దున్నే! మొదటి రోజే అడిగి ఉంటే కూర్చోబెట్టి అరగంట మాట్లాడేవాణ్ణి. ఇందులో అతని తప్పూ లేదు. పెద్దవాళ్ళతో ఎకాఎకిన పని అడిగితే బాగుండదని అతను నా అనుమతి కోసం చూస్తున్నాడు, నేనేమో అతను విషయం చెప్తాడని చూస్తున్నాను. తిరిగి హాయ్ అనడమంటే, తలుపు కొట్టిన మనిషిని లోపలినుంచి మనమూ తలుపు కొట్టి పలకరించడమే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మోసగాళ్ళు వందల నంబర్లకి ఒకేసారి హాయ్ పంపిస్తారు. వాళ్ళకి మొదట కావలసింది డబ్బు కాదు, ఈ నంబరు వాడకంలో ఉందా, వెనక జవాబిచ్చే మనిషి ఉన్నాడా అన్న సంగతి. మీ ఉత్త హాయ్ ఆ రెండిటికీ జవాబు చెప్పేస్తుంది, బదులుగా మీకేమీ తెలియదు. నిజానికి ఏ జవాబిచ్చినా నంబరు వాడకంలో ఉందని తెలిసిపోతుంది, అందుకే ఇచ్చే ఆ ఒక్క జవాబుతో మనకీ ఏదో ఒకటి తెలియాలి.

ఇక ‘ఎవరు?’ సంగతి. అడగాల్సింది ఇదే, కానీ ఇలా కాదు. ఫోన్లో ఈ మాటే మెత్తగా అడగొచ్చు, గొంతు సాయపడుతుంది. తెర మీద గొంతు ఉండదు కదా, ఒంటరిగా ఒక మాట, దాని పక్కన ప్రశ్నార్థకం, చదివేవాళ్ళకి కసిరినట్టే వినిపిస్తుంది. ‘ఎవరండీ?’ అంటే కాస్త నయం. ‘మీరెవరో తెలియలేదండి’ అంటే ఇంకా నయం, ఎందుకంటే అందులో లోటు మనవైపు ఉంది, ఎదుటివాళ్ళని నిలదీసినట్టు ఉండదు.

అయితే ‘ఎవరు’ అని మాత్రమే అడిగితే వచ్చే పెద్ద చిక్కు వేరే ఉంది. ‘అప్పుడే మర్చిపోయారా?’, ‘గుర్తుపట్టండి చూద్దాం’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఇక్కడ చాలామంది పడిపోతారు, నేనూ పడబోయాను. అవతలివాళ్ళు ఇంత చనువుగా అడుగుతుంటే గుర్తుపట్టకపోవడం మన తప్పేమో అనిపించి, మనమే పేర్లు అందిస్తాం: ‘చిన్న బావా నువ్వేనా?’ అని. అవతల ఉన్నది ఎవరైనా సరే, ‘హమ్మయ్య, గుర్తుపట్టావు’ అనేస్తే చాలు, ఆ క్షణం నుంచి అతను మన చిన్న బావే. పేరు మనమే ఇచ్చాం, వరస మనమే కలిపాం, నమ్మకం కూడా మన దగ్గరనుంచే వెళ్ళింది. రెండు రోజులు కుశల ప్రశ్నలు, మూడో రోజు అర్జెంటుగా కాస్త డబ్బు, లేదా ‘పొరపాటున నీ ఫోన్‌కి ఆరు అంకెల కోడ్ వచ్చింది, అది పంపు’ అని అడుగుతారు. ఆ ఆరు అంకెలు మీ వాట్సాప్ ఖాతాని వేరే ఫోన్లో తెరిచే కోడ్ అయి ఉండొచ్చు, ఇచ్చారంటే ఖాతా చేయి దాటిపోయినట్టే. అందుకని గుర్తుపట్టమన్నవాళ్ళకి ఒకటే జవాబు: ‘నిజంగానే గుర్తు రావట్లేదండి, పేరు చెప్తే బాగుంటుంది.’ ఊహించి ఒక్క పేరు కూడా అందించకండి. నిజమైన బావ అయితే కాస్త ఏడిపించి చెప్తాడు, కానివాడు మళ్ళీ చుట్టూ తిప్పుతాడు, తేడా రెండు మెసేజ్‌లలో తెలిసిపోతుంది.

‘చెప్పండి’ నాకు ఇష్టమైన మాట. మర్యాద ఉంది, విషయానికి రమ్మనడమూ ఉంది. మీ నంబరు పదిమందికీ తెలిసినదైతే, అంటే పాఠాలు చెప్పేవాళ్ళో, కుట్టుపని చేసేవాళ్ళో, ఇల్లు అద్దెకి ఇస్తామని ప్రకటన వేసినవాళ్ళో అయితే, నాలుగింటిలో ఇదే మేలు. పని కోసం వచ్చినవాళ్ళని ముందే మీరెవరని అడిగితే వెనక్కి తగ్గుతారు. వాట్సాప్ బిజినెస్ వాడేవాళ్ళకైతే, మొదటిసారి మెసేజ్ చేసినవాళ్ళకీ, 14 రోజులుగా మాటల్లేక మళ్ళీ వచ్చినవాళ్ళకీ దానంతటదే వెళ్ళే పలకరింపు పెట్టుకునే వీలుంది. అందులో ‘నమస్కారం, మీ పేరు, మీకు కావలసింది రాసి పెట్టండి, చూడగానే జవాబిస్తాను’ అని రాసుకుంటే ఉత్త హాయ్‌ల బెడద చాలావరకు తగ్గుతుంది. కానీ సొంత నంబరుకి ఈ మాట సరిపోదు. ‘చెప్పండి’ అనగానే మనం వాళ్ళని గుర్తుపట్టామనే అనుకుని ఏకంగా మధ్యలోంచి మొదలుపెడతారు: ‘అదే అండీ, మొన్న అన్నాను కదా, ఆ కాగితాలు’ అని. ఏ కాగితాలు? ఎవరితో అన్నారు? ఇక అప్పుడు మీరెవరని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది, ఇదంతా మొదట్లోనే అడిగి ఉంటే తేలికగా పోయేది.

ఊరుకోవడం తప్పేమీ కాదు, దీని గురించి కొంతమంది అనవసరంగా బాధపడతారు. పరిచయం లేని మనిషి పనేమిటో చెప్పకుండా పలకరిస్తే జవాబు బాకీ ఏమీ పడం. పైగా కొన్ని యాప్‌లు ఈ వీలు ముందే ఇచ్చాయి. సిగ్నల్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ తెలియనివాళ్ళ మెసేజ్ విన్నపంగా వచ్చి ఆగుతుంది, మనం ఒప్పుకునేదాకా చదివిన సంగతి వాళ్ళకి తెలియదు. వాట్సాప్‌లో చాట్ తెరవకుండా పైన నోటిఫికేషన్‌లోనే చదివేస్తే నీలం టిక్కులు పడవు. అర్ధరాత్రి వచ్చిన హాయ్‌కి నేను జవాబివ్వను, పొద్దున చూస్తాను. కాకపోతే ఊరుకుంటే ఆ స్నేహితుడి తమ్ముడిలాంటివాళ్ళు నిజంగా నష్టపోతారు, అదొక్కటే నాకు అడ్డం వచ్చేది.

కాబట్టి ఐదోది. జవాబు రాసేముందు ఒక అర నిమిషం ఆ నంబరు మీద నొక్కి చూస్తాను. వాట్సాప్‌లో అయితే వాళ్ళు పెట్టుకున్న పేరు కనిపిస్తుంది, ఇద్దరూ ఉన్న గ్రూపులు ఏవైనా ఉంటే అవీ కనిపిస్తాయి. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, ఫొటో కూడా అంతే, వాటిని నమ్మను. ఉమ్మడి గ్రూపు ఉంటే మాత్రం కాస్త ఆధారం, అదైనా వందలమంది ఉన్న గ్రూపు అయితే లెక్కలోకి రాదు. తర్వాత ఇది పంపుతాను:

‘నమస్తే అండి. మీ నంబరు నా దగ్గర సేవ్ అయి లేదు. మీరెవరో, ఏ విషయం మాట్లాడాలనుకున్నారో రాసి పెడతారా? వీలు చూసుకుని జవాబిస్తాను.’

ఇందులో ప్రతి ముక్కకీ పని ఉంది. నంబరు సేవ్ అయి లేదనడం వల్ల తెలిసినవాళ్ళు నొచ్చుకోరు, ఫోన్ మార్చాడేమో అనుకుంటారు. పేరూ పనీ ఒకేసారి అడగడం వల్ల ‘గుర్తుపట్టండి’ ఆటకి చోటు తగ్గుతుంది. చివరి వాక్యం వల్ల వెంటవెంటనే మాట్లాడాల్సిన ఒత్తిడి ఇద్దరికీ పోతుంది, మొహమాటపడేవాళ్ళకి అనుమతి కూడా దొరికినట్టే, ‘బిజీనా?’ అని మళ్ళీ అడగనక్కర్లేదు. గమనించారో లేదో, నా పేరు ఎక్కడా లేదు. ‘నేను ఫలానా, మీరెవరు?’ అని రాస్తే తెలియనివాళ్ళ చేతికి నంబరుతోపాటు పేరూ ఇచ్చినట్టు.

ఇంకో సంగతి, నేను దీన్ని తెలుగులోనే పంపుతాను. నా నంబరు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే, తెలుగు అక్షరాలు రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగైనా తిరిగొస్తుంది. ఏమీ అర్థం కానట్టు మళ్ళీ ‘హలో డియర్’ అని వస్తే చాలావరకు తేలిపోయినట్టే. దీన్ని పక్కా పరీక్ష అనను, వేరే రాష్ట్రం నుంచి పని మీద మెసేజ్ చేసిన పాపానికి ఒకాయన్ని ఇలాగే అనుమానించాను, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ మెసేజ్ ఒక్కసారే పంపుతాను. బదులుగా మళ్ళీ ఉత్త హాయ్ వస్తే అక్కడితో సరి, రెండోసారి అడగను. ‘సారీ, రాంగ్ నంబర్’ అని వస్తే ‘పర్వాలేదండి’ అని ఆపేస్తాను. దాని తర్వాత ‘మీరు చాలా మంచివాళ్ళలా ఉన్నారు, స్నేహం చేద్దామా’ అని వచ్చిందంటే అది పొరపాటున వచ్చిన నంబరు కాదు. ఇలా పరిచయం చేసుకుని వారాల తరబడి కబుర్లు చెప్పి చివరికి పెట్టుబడి పేరుతో దోచుకోవడం ఎప్పటినుంచో నడుస్తున్న మోసం. అప్పుడు బ్లాక్ చేసి రిపోర్ట్ కూడా కొడతాను. వాట్సాప్‌లో రిపోర్ట్ కొడితే ఆ నంబరు నుంచి వచ్చిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్ కంపెనీకి వెళ్తాయి, కాబట్టి ముందే చాట్ చెరిపేయకూడదు.

ఈ మెసేజ్‌కి నాకు పడిన అక్షింతలు కూడా ఉన్నాయి. పోయిన నెల ఇలాగే రాస్తే, ‘నేను మీ అత్తయ్యనిరా, కొత్త నంబరు, ఏ విషయమో రాసి పెట్టాలా నీకు?’ అని వచ్చింది. వెంటనే నమ్మలేదు, పాత నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తింది అత్తయ్యే. మెసేజ్ పంపిందీ ఆవిడే. రెండు తిట్లూ ఒకేసారి తిన్నాను.