మనం ఎప్పుడూ ప్రేమలో పడే టైపా, చప్పగా అనిపించే నెమ్మది మనిషా?

మా ఫ్రెండ్ ఒకమ్మాయి వరసగా ముగ్గురిని ప్రేమించింది, ముగ్గురూ రెండ్రోజులు ప్రాణం పెట్టి మూడో రోజు ఫోన్ ఎత్తని రకమే. ఆ అమ్మాయి వాళ్ల నాన్న కూడా అంతే, మూడ్ బాగుంటే జిలేబీ పొట్లం, లేకపోతే వారం రోజులు మాటల్లేవు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఉన్న బంధం తీరు పెద్దయ్యాక ప్రేమలోనూ కనిపిస్తుందని హజాన్, షేవర్ అనే సైకాలజిస్టులు 1987లోనే రాశారు, అలాగని అది తలరాతేం కాదు.

పాత టైపు: మొదటి రోజే గుండె దడ, కానీ అందులో సగం అలవాటైన టెన్షనే, పైగా వెంటపడి ఏడిపించడమే ప్రేమని మన సినిమాలు నూరిపోశాయి.

నెమ్మది మనిషి: చేస్తానన్న టైముకి ఫోన్ చేస్తాడు, దడ ఉండదు, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

మెసేజ్ రాకపోతే అన్నం సయించట్లేదంటే నెమ్మది మనిషికే టైమివ్వండి. మీ టైపంటే నవ్వించేవాళ్లో, పుస్తకాలు చదివేవాళ్లో అయితే మాత్రం మార్చుకోనక్కర్లేదు.