బ్యానర్ ఫొటో చూసి స్లోగన్ తెలుగులో మళ్లీ రాసుకోవడం: ఆరేళ్ల వాడకం తర్వాత

కడపలో ఫ్లెక్స్ షాపులో డిజైనింగ్ చేస్తాను. మా దగ్గరికి వచ్చే ఆర్డర్లలో చాలావరకు ఒకే రకం. బెంగళూరులోనో చెన్నైలోనో ఏదో షాపు ముందు నిలబడి తీసిన ఫొటో వాట్సాప్‌లో పడుతుంది, కింద ఒక వాయిస్ మెసేజ్: "అన్నా, ఇదే తెలుగులో ఏసియ్యి." మొదట్లో నేను కూడా ఇదే అంటే ఇదే అనుకుని పదానికి పదం పెట్టి ప్రింట్‌కి పంపేవాణ్ణి. రెండు నిమిషాల పని. ఆరేళ్లుగా అట్లా చేయడం మానేసి, ఫొటోలో ఉన్న మాట ఎవరికోసం, ఏం చెప్పాలని రాశారో చూసుకుని తెలుగులో కొత్తగా రాస్తున్నాను. ఈ పద్ధతి ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ దెబ్బతిన్నానో రాస్తాను.

ముందు ఒక చిన్న ఉదాహరణ. చెప్పుల షాపు. ఫొటోలో ఇంగ్లీషులో "స్టెప్ ఇన్‌టు స్టైల్" అని ఉంది. పదాలు మారిస్తే "శైలిలోకి అడుగు పెట్టండి" వస్తుంది. తప్పేం లేదు, కానీ మా ఊళ్లో చెప్పులు కొనేటప్పుడు ఎవరూ శైలి గురించి మాట్లాడుకోరు. షాపు ఆయన్ని ఒకటే అడిగా, "గడప దగ్గర నిలబడిన గిరాకీకి నీ నోటితో ఏం చెప్తావో అది వాయిస్‌లో పంపు సార్" అని. "కాలికి సుఖంగా ఉంటది, చూసేకి బాగుంటది" అని పంపినాడు. స్లోగన్ ఆయనే చెప్పేసినాడు, నేను దాన్ని కొంచెం బిగించి "కాలికి సుఖం, కంటికి సొగసు" అని వేశాను. ఇప్పటికీ నేను మొదట చేసే పని ఇదే. షాపువాళ్లను "స్లోగన్ చెప్పండి" అంటే బిగుసుకుపోయి పుస్తకం భాష మాట్లాడతారు, గిరాకీతో ఎట్లా మాట్లాడతారో చెప్పమంటే మాత్రం సహజంగా వస్తుంది.

ఈ పద్ధతి అసలు విలువ నాకు తెలిసింది 2025లో ఒక చీరల షాపు పనిలో. ఓనరు జులై ఆఖరులో చెన్నై నుంచి ఫొటో పంపినాడు. పెద్ద పట్టుచీర బొమ్మ, మీద తమిళంలో "ఆడి తళ్ళుబడి", పక్కన 50%. తళ్ళుబడి అంటే తగ్గింపు, అది సులువే. చిక్కంతా ఆడి అన్న తమిళ నెల పేరు దగ్గర. "ఆడి తగ్గింపు" అని వేస్తే కడపలో సగం మంది ఏదో ఆట ఆడితే తగ్గిస్తారేమో అనుకుంటారు, మిగతా సగానికి కారు గుర్తొస్తుంది. తమిళనాడుకు ఆనుకుని ఉన్న చిత్తూరు వైపైతే ఆడికృత్తికకు తిరుత్తణి వెళ్లే జనం ఉన్నారు కాబట్టి వాళ్లకు ఆ మాట తెలుసు. ఇక్కడ కాదు.

సరే, ఆడి అంటే మన ఆషాఢమే కదా, అక్కడా ఇక్కడా ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, గిరాకీ పడిపోతుంది, అందుకే తగ్గింపు పెడతారు. "ఆషాఢం ఆఫర్" అని టైప్ చేసి ఓనరుకు పంపేశాను. ఆయన ఓకే కూడా అనేశాడు. ప్రింట్‌కి ఇచ్చే ముందు గోడమీది క్యాలెండర్ చూస్తే గుండె జారింది. తమిళుల నెల సూర్యుణ్ణి బట్టి, మనది చంద్రుణ్ణి బట్టి. వాళ్ల ఆడి ఏటా జులై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య దాకా నడుస్తుంది. మన ఆషాఢం ఆ ఏడు జులై 24నే అయిపోయింది, అప్పటికే శ్రావణం వచ్చేసింది. అంటే చెన్నైలో గిరాకీ లేని రోజులు ఇక్కడ వ్రతాల రోజులు, పెళ్లిళ్ల రోజులు. శ్రావణంలో ఆషాఢం ఆఫర్ అని బ్యానర్ కడితే పాత సరుకు వదిలించుకుంటున్నారనుకుంటారు.

ఓనరుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే 50 ఎందుకు అన్నా, 20 చాలు" అన్నాడు! నేను మాట మార్చుకుందామని చేస్తే ఆయన ఆఫరే మార్చేసుకున్నాడు. దాంతో "శ్రావణం వచ్చింది, పట్టు దిగొచ్చింది" అని నేను రాసుకున్నది కూడా పనికిరాకుండా పోయింది. 20 శాతానికి దిగొచ్చింది అంటే జనం నవ్వుతారు. ఇక తగ్గింపును పక్కన పెట్టి, ఆ రోజుల్లో చీర ఎందుకు కొంటారో అది పట్టుకున్నా. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. చివరికి వేసింది: "వరలక్ష్మికి పూజ, ఇంటి లక్ష్మికి పట్టుచీర". కింద చిన్న అక్షరాల్లో "ఎంపిక చేసిన చీరలపై 20% వరకు". చెన్నై ఫొటోలో ఉన్న మాట ఇందులో ఒక్కటీ లేదు, కానీ ఓనరుకు కావలసిన పని అదే చేసింది. నాకు ఇప్పటికీ బాగా నచ్చిన బ్యానర్ ఇదే.

ఆ "వరకు" గురించి చెప్పాలి, ఎందుకంటే నేను తిన్న పెద్ద దెబ్బ అక్కడే. ఇంకో బట్టల షాపు. ఫొటోలో బ్యానర్ మడత పడి ఉంది, 50% ముందున్న "అప్ టు" ఆ మడతలోకి పోయింది. మూలన స్టార్ గుర్తు, దాని కింద సన్నటి గీతలాంటి అక్షరాలు ఉన్నాయి, నేను జూమ్ చేసి చూడలేదు. "అన్ని బట్టలూ సగం ధరకే" అని గొప్పగా రాసేశాను. మొదటి రోజే కౌంటర్ దగ్గర గొడవ. సాయంత్రానికి నేనే నిచ్చెన వేసుకుని "వరకు" అని స్టిక్కర్ అంటించి వచ్చా, ఆ డబ్బులూ నావే. అప్పటినుంచి ఫొటో రాగానే ముందు అంకెలు, స్టార్ గుర్తు, కింది మూల చూస్తా. అవి కనపడకపోతే దగ్గర నుంచి ఇంకో ఫొటో తీసి పంపమంటా. స్లోగన్‌ను ఎంత తిప్పి రాసినా పర్లేదు, శాతం, తేదీ, షరతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే దిగాలి. కంపెనీల డీలర్ బోర్డుల మీది ట్యాగ్‌లైన్ కూడా అంతే, దాన్ని కంపెనీ వాళ్లు పంపినట్టే వేస్తాను, నా సొంత తెలివి పెట్టను.

ఇంకో ఇబ్బంది పొడవు. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో కూర్చుంటాయి. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు, లైనుకు లైనుకు మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి. 12 అడుగుల బ్యానర్ మీద అయిదారు మాటలు దాటితే అక్షరం చిన్నదైపోయి బండి మీద పోయేవాడికి కనపడదు. "శైలిలోకి", "ఆత్మవిశ్వాసంతో" లాంటివి ఒక్కొక్కటే అడుగున్నర తినేస్తాయి. అందుకే రాశాక షాపులో కుర్రాణ్ణి స్క్రీన్‌కు దూరంగా నిలబెట్టి, మూడు లెక్కబెట్టి ఆఫ్ చేసి, "ఏం అమ్ముతున్నార్రా?" అని అడుగుతా. చీరలు అంటే సరే. "ఏదో ఆఫరంట" అంటే మళ్లీ రాయాల్సిందే.

ఈ పద్ధతికి అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఒక్కో స్లోగన్‌కు ఇరవై నిమిషాల నుంచి పూట దాకా పడుతుంది, ఫ్లెక్స్‌కు రేటు మాత్రం చదరపు అడుగు లెక్క. మాటకు ఎవరూ రూపాయి ఇవ్వరు. ముహూర్తాల సీజన్‌లో రోజుకు నలభై బ్యానర్లు ఉన్నప్పుడు నేను కూడా పదానికి పదం పెట్టి పంపేసిన రోజులున్నాయి, అవి ఊళ్లో ఇంకా వేలాడుతూనే ఉన్నాయి, ఆ రోడ్డున పోతే తల పక్కకు తిప్పుకుంటా.