కోడ్ వారీ రిపోర్టా, ఆర్డర్ వారీ రిపోర్టా?

తగ్గింపు కోడ్‌ల వల్ల డబ్బు ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఈ రెండు రిపోర్ట్‌లలో ఏది మేలో చూద్దాం. వరంగల్ దరీలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న షాపు అనుకుందాం. బతుకమ్మకు రెండు కోడ్‌లు పెట్టారు: BATHUKAMMA10 (10 శాతం), FIRST150 (150 రూపాయలు).

ఖర్చు, శ్రమ: కోడ్ వారీ రిపోర్ట్ ఒక్క క్లిక్కుతో వస్తుంది. ఆర్డర్ వారీ అయితే ఎక్సెల్‌లోకి దించుకుని ఒక పూట కూర్చోవాలి.

రెండు కోడ్‌లు కలిస్తే: 2,000 రూపాయల దరీకి ఒకరు రెండూ వాడారు. 200 పోయింది, ఆపై 150 పోయింది, చేతికొచ్చింది 1,650. కోడ్ వారీ రిపోర్ట్‌లో ఆ 1,650 రెండు కోడ్‌ల కిందా అమ్మకంగా కనబడొచ్చు. కూడితే 3,300! డబ్బు కారుతున్నా కనబడనిది ఇక్కడే. ఆర్డర్ వారీలో ఒకే వరుసలో 350 తగ్గింపు కనిపిస్తుంది.

పరిమితి: మనిషికి ఒక్కసారే అన్న నిబంధనను సిస్టమ్ సాధారణంగా ఫోన్ నంబర్‌తోనో, ఈమెయిల్‌తోనో చూస్తుంది. నంబర్ మార్చి ఒకే ఇంటికి నాలుగు తెప్పించుకుంటే, చిరునామాల వరుస చూస్తేనే దొరుకుతుంది.

గడువు: గడువును మన సమయంలో కాక, ప్రపంచ ప్రామాణిక సమయమైన UTC లెక్కన పెడితే అర్ధరాత్రి ఆగాల్సిన కోడ్ మనకు తెల్లవారి 5:30 దాకా నడుస్తుంది. ఆర్డర్ సమయం లేని రిపోర్ట్ దీన్ని చూపదు.

ఒకే కోడ్, తక్కువ తగ్గింపు ఉంటే కోడ్ వారీ చాలు. రెండు కోడ్‌లు కలిపి వాడనిస్తుంటే మాత్రం, నా మాటగా, వారానికోసారైనా ఆర్డర్ వారీ చూడాల్సిందే.