ముఖం నాన్నదే, మెడా చెవులూ వేరేవాళ్లవి: ఫోటో ఎడిటింగ్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

నాన్న పోయాక చూసుకుంటే, పెద్దది చేయించి గోడకు పెట్టుకునేలాంటి ఫోటో ఒక్కటీ లేదు. బాగున్నది ఒక్క పాస్‌పోర్ట్ సైజు ఫోటో. దాన్ని సూటు వేసుకున్న మనిషి ఫోటోకి అతికించి ఇస్తామంటే, ఆన్‌లైన్‌లో ఒక ఎడిటింగ్ వాళ్లకి ముందే మొత్తం డబ్బు కట్టేశాను. ఎవరి ఫోటో మీద పెడతారో చూపించమని అడగనైనా లేదు.

ఫోటో వచ్చింది. చెల్లి చూసి, "ముఖం నాన్నదే అన్నయ్యా, మనిషి మాత్రం నాన్న కాదు" అంది. జూమ్ చేస్తే గానీ నాకు అర్థం కాలేదు. నుదుటి నుంచి గడ్డం దాకా ఉన్న ముక్క ఒక్కటే నాన్నది. జుట్టు, చెవులు, మెడ ఆ సూటు మనిషివే. నాన్న సన్నగా, పొడుగు మెడతో ఉండేవారు. చెవులు కాస్త పెద్దవి, బయటికి విచ్చుకున్నట్టుండేవి. ఆ మనిషికి దవడ ఎంత వెడల్పో మెడ అంత వెడల్పు, చెవులేమో చిన్నవి, తలకు అంటుకుపోయి ఉన్నాయి. పైగా అతను తల కొంచెం వంచి ఉన్నాడు. తల నిటారుగా ఉంటే చెవి పై అంచు దాదాపు కనుబొమల వరసకి, తమ్మె ముక్కు కింది అంచు వరసకి వస్తాయి. తల వంచితే చెవులు పైకి జరిగినట్టు కనిపిస్తాయి. నాన్న తిన్నగా చూస్తుంటే చెవులు మాత్రం కనుబొమలు దాటి పైకెక్కి కూర్చున్నాయి.

ఫిర్యాదు చేస్తే రెండోసారి తల, మెడ మొత్తం నాన్నవే పెట్టారు. కానీ లావు మనిషి కాలర్‌లో సన్నటి మెడ పెడితే చుట్టూ ఖాళీ వస్తుంది కదా. ఆ ఖాళీ నిండేదాకా తలను పెద్దది చేశారు! ఏదో బొమ్మలా ఉందని తెలుస్తోంది గానీ, ఎంత తేడా ఉందో ఎలా చెప్పాలి? నాన్న నిలబడి ఉన్న పాత ఫోటో ఒకటి తీసి స్కేలు పెట్టి కొలిచాను. నడినెత్తి నుంచి గడ్డం దాకా 2 సెంటీమీటర్లు, భుజం నుంచి భుజానికి 4. అంటే భుజాలు తలకు రెండింతలు. వాళ్ల ప్రింటులో భుజాలు 12 సెంటీమీటర్లు, తల 6 ఉండాల్సింది 7 దాటింది. కోటు భుజాల్లో మెత్త ఉంటే కొలత కొంచెం ఎక్కువ వస్తుంది, అది తీసేసి చూసుకోవాలి. తీసేస్తే తల ఇంకా పెద్దదనే తేలింది.

మూడోసారి తల తగ్గించి, కాలర్‌ని ఫోటోషాప్‌లో బొమ్మను సాగదీసే Liquify టూల్‌తో మెడ మీదికి లాగారు. దాంతో టై ముడి పక్కకి వాలింది, వెనక గోడ మీదున్న నిలువు గీత మెడ దగ్గర విల్లులా వంగింది. ఇలాంటిది పట్టుకోవాలంటే మనిషిని కాదు, అతని వెనకున్న తిన్నటి గీతల్ని చూడండి. ఆ తర్వాత ఇంక మార్పులు చేసేది లేదన్నారు, డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. అతికించిన ముక్కలు విడివిడి లేయర్లుగా ఉండే ఫోటోషాప్ PSD ఫైలు అడిగితే అదీ లేదు.

చివరికి తెలిసినవాళ్లొకరు మొదటినుంచీ చేసి ఇచ్చారు. ఆయన ముందు చేసిన పని ఆ లావు మనిషి ఫోటోని పక్కన పడేయడం. నాన్నలాగే సన్నగా ఉండి, తిన్నగా చూస్తున్న, వెలుతురు అదే పక్క నుంచి పడుతున్న మనిషిని వెతికారు. జుట్టు, చెవులు, మెడ సగం దాకా కలిపి తల మొత్తం కత్తిరించారు. ముందు భుజాల లెక్కతో తల సైజు ఖాయం చేసి, ఆ తర్వాతే మెడ జోలికి వెళ్లారు. అతుకు కాలర్ లోపలికి పోయేలా పెట్టారు. అప్పటికీ కాలర్ కాస్త వదులే. కాలర్‌ని వేరే లేయర్‌లోకి తీసి, దాని వెనక గోడని ముందే పూర్తిగా నింపేసి, అప్పుడు కాలర్ ఒక్కదాన్నే లోపలికి జరిపారు. అందుకే గోడ గీత వంగలేదు. గడ్డం కింద నీడ కూడా మళ్లీ వేశారు. అది లేకపోతే తల మెడ మీద తేలుతున్నట్టుంటుందట.

నేను ఇచ్చిన ఇంకో ఫోటో, మొహానికి దగ్గరగా తీసిన సెల్ఫీ, ఆయన అసలు వాడలేదు. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, దూరం నుంచి తీసిన ఒంటికి అది అతకదన్నారు.

మీరు ఎవరికైనా ఇస్తుంటే డబ్బు కట్టకముందే రెండు విషయాలు రాతలో తీసుకోండి: ఏ మనిషి ఫోటో మీద పెడతారు, చెవులు ఎవరివి ఉంటాయి. మొదటివాళ్లని నేను రెండో ప్రశ్న అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది.