కార్డు ఆఫరులో రావలసిన క్యాష్‌బ్యాక్ రాకపోతే: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

అనంతపురంలో ఉంటూ ఇంటికి కావలసిన పెద్ద వస్తువులన్నీ కొన్నేళ్లుగా ఒకే బ్యాంకు క్రెడిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో కొంటున్నాను. చెల్లింపులో ఈ కార్డు నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. బిల్లులోనే అప్పటికప్పుడు తగ్గే డిస్కౌంటులో కూడా తేడా రాలేదు. తర్వాత జమ చేస్తామని చెప్పే క్యాష్‌బ్యాక్ విషయంలో మాత్రం, అడగనిదే సరిగ్గా అందని సందర్భాలు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని వివరంగా చెబుతాను.

ఎండాకాలం మొదట్లో ఒక షాపింగ్ సైట్‌లో ఈ కార్డుకు ఆఫరు వచ్చింది. కనీసం 5,000 రూపాయల కొనుగోలుపై 10 శాతం, గరిష్ఠంగా 750 రూపాయలు, ఆఫరు ముగిసిన 90 రోజుల లోపు కార్డు ఖాతాలో జమ. నేను 5,190 రూపాయల ఎయిర్ కూలర్, దాని కింద పెట్టే 1,290 రూపాయల స్టాండు ఒకే ఆర్డరులో తీసుకుని 6,480 చెల్లించాను. స్టాండు కూలరుకు సరిపోకపోవడంతో వెనక్కి పంపాను, దాని డబ్బు తిరిగి వచ్చింది. క్యాష్‌బ్యాక్ మాత్రం రాలేదు.

ఇక్కడ గడువు లెక్క జాగ్రత్తగా చూడాలి. 90 రోజులు మనం డబ్బు కట్టిన రోజు నుంచి కాదు, ఆఫరు ముగిసిన తేదీ నుంచి. ఆ గడువు దాటకముందే ఫిర్యాదు చేస్తే "వేచి ఉండండి" అన్న జవాబుతో దాన్ని మూసివేస్తారు. గడువు దాటాక కూడా మొబైల్ యాప్‌లో కాకుండా నెలవారీ స్టేట్‌మెంట్‌లో వెతకాలి. జమ అక్కడ ఏ ఆఫరుదో చెప్పని ఒక చిన్న పంక్తిగా కనిపిస్తుంది.

నేను అడిగినప్పుడు షాపింగ్ సైట్‌వారు అది బ్యాంకు ఇచ్చిన ఆఫరు అన్నారు. మా ఊరి శాఖలో ఉద్యోగి మర్యాదగానే, "సార్, కార్డు విషయాలు మా చేతిలో ఉండవు, కార్డు విభాగానికే రాయండి" అన్నారు. ఆ విభాగం నుంచి వచ్చిన మొదటి జవాబు, ఆర్డరు వెనక్కి వచ్చింది కాబట్టి అర్హత లేదని. కానీ ఆఫరు నిబంధనల్లో, కొంత భాగం వాపసు ఇస్తే మిగిలిన మొత్తంపై అర్హత లెక్కిస్తామని స్పష్టంగా ఉంది. మిగిలినది 5,190, అంటే కనీస మొత్తానికి పైనే. అందులో 10 శాతం 519 రూపాయలు. ఆఫరు ముగిశాక ఆ నిబంధనల పేజీ సైట్‌లో కనిపించలేదు. కొనే ముందే దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోవడం వల్లనే నా మాటకు ఆధారం దొరికింది.

రెండోసారి రాసినప్పుడు కోపం, నిరాశ పక్కన పెట్టి ఇలా రాశాను: "మీ నిబంధనల్లోని వాపసు షరతు ప్రకారం నాకు 519 రూపాయలు రావాలి. ఆర్డరు నంబరు, కూలరు ఇన్‌వాయిస్, స్టాండు డబ్బు తిరిగి వచ్చిన స్టేట్‌మెంట్, మీ నిబంధనల ప్రతి జత చేశాను. అర్హత లేదనుకుంటే ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తెలపండి." దాన్ని బ్యాంకు ఫిర్యాదుల పరిష్కార అధికారికి పంపి, ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. తర్వాతి స్టేట్‌మెంట్‌లో సరిగ్గా 519 రూపాయలు జమయ్యాయి.

అప్పటికీ జమ కాకపోయి ఉంటే, బ్యాంకులపై ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లేవాణ్ణి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఎవరికి ఆఫరు ఇవ్వాలన్నది లాంటి బ్యాంకు వ్యాపార నిర్ణయాలపై ఫిర్యాదులను ఆ అంబుడ్స్‌మన్ పథకం తీసుకోదు. అందుకే "ఆఫరు నాకూ వర్తింపజేయండి" అని బతిమాలినట్లు రాయకుండా, ఇచ్చిన మాట ప్రకారం చెల్లించవలసిన సొమ్ము చెల్లించలేదని, అది సేవలో లోపమని రాయాలి. ఆఫరు ఇచ్చింది బ్యాంకు కాక అమ్మకందారు అయితే దారి వేరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. చెల్లింపు విఫలమైనప్పుడు వేసే యూపీఐ ఫిర్యాదు దీనికి పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ చెల్లింపు సక్రమంగానే జరిగింది.

ఈ నడుమ క్యాష్‌బ్యాక్ ఇప్పిస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ అడిగితే చెప్పకుండా వెంటనే ఫోన్ పెట్టేయండి. మనకు డబ్బు జమ కావడానికి ఆ రెండూ అక్కర్లేదు.

కార్డును ఇంకా వాడుతున్నాను. ఒకే వస్తువు కొని వాపసు లేకుండా ఉంచుకున్నప్పుడు జమ తనంతట తానే సకాలంలో వస్తోంది, ఆ మేరకు దీన్ని మంచి కార్డనే అంటాను. వాపసు ఇవ్వవలసి రావచ్చని అనుమానమున్న వస్తువును మాత్రం ఇప్పుడు వేరే ఆర్డరుగా తీసుకుంటున్నాను. కొంత భాగం వాపసు వచ్చిన ఆర్డరును మొత్తంగా అనర్హమని కొట్టివేసే పద్ధతిని ఆ బ్యాంకు సరిదిద్దుకునేదాకా ఈ కార్డుకు 5లో 3 మార్కులకు మించి ఇవ్వలేను.